పట్టు సడలితేనే లేచేది

ఊరి బస్టాండు వెనక గోడ మీద, రైలు పట్టాల పక్కన ప్రహరీల మీద, పాత లాడ్జీల మెట్ల మలుపుల్లో ఒకటే మాట కనిపిస్తూ ఉంటుంది: నరాల బలహీనత. కింద ఒక ఫోన్ నంబరు, ఏ వారం ఏ గదిలో డాక్టరు గారు దొరుకుతారో ఆ వివరం. చిన్నప్పటి నుంచీ ఆ మాట చదివీ చదివీ మనకు తెలియకుండానే ఒక శరీరశాస్త్రం బుర్రలో స్థిరపడిపోయింది. అంగం గట్టిపడటమంటే నరాలు బిగుసుకోవడం. నరాల్లో సత్తువ ఉంటే బిగుస్తాయి, లేకపోతే వేలాడతాయి.

జరిగేది దాదాపు దీనికి తలకిందులు. అంగస్తంభన మొదలయ్యేటప్పుడు అక్కడ ఏదీ బిగుసుకోదు. అంతవరకూ బిగుసుకుని ఉన్న ఒక కండరం వదులవుతుంది. అది వదులైతేనే అంగం గట్టిపడుతుంది.

ఈ తిరకాసు అర్థం కావాలంటే ఒక కుర్రాణ్ణి ఊహించుకుందాం. ఇరవై తొమ్మిదేళ్లు, కొత్తగా పెళ్లయింది. శోభనం అత్తగారింట్లో పెట్టారు. గది తలుపుకి అవతల హాల్లో పిన్నులూ మేనత్తలూ ఇంకా పడుకోలేదు, ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. పెళ్లికూతురంటే ఇష్టమే. ఆరు నెలలుగా ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. తీరా ఈ రాత్రి ఏమీ జరగలేదు. కాస్త గట్టిపడినట్టే అయి మళ్లీ మెత్తబడిపోయింది. రెండో రాత్రీ అంతే. విచిత్రమేమిటంటే, తెల్లవారుజామున ఐదింటికి మెలకువ వచ్చేసరికి మాత్రం అంతా భేషుగ్గా ఉంది. అప్పుడు పక్కన భార్య నిద్రపోతోంది, అతనికేమో ఏ కోరికా లేదు. కావాలనుకున్నప్పుడు రానిది, అక్కర్లేనప్పుడు వచ్చి కూర్చుంది. గోడ మీద రాసింది తన గురించేనేమోనని అతనికి భయం పట్టుకుంది.

అతని సంగతికి మళ్లీ వద్దాం. ముందు ఆ అవయవం లోపల ఏముందో చూడాలి.

దాంట్లో ఎముక లేదు. కుక్కకు ఉంటుంది, మనిషికి లేదు. చేతికీ కాలికీ ఉన్నట్టు మన మాట విని ముడుచుకునే కండ కూడా అందులో లేదు. ఐరోపాలో ఒకప్పుడు అంగంలో గాలి నిండుతుందని నమ్మేవారు. పదిహేనో శతాబ్దం చివర్లో ఇటలీలో లియొనార్డో డావిన్చీ, ఉరితీసిన వాళ్ల శవాలను కోయగా చూసి, అందులో నిండేది గాలి కాదు, రక్తమని రాసుకున్నాడు. గట్టిపడినప్పుడు అంత బరువు ఎలా వస్తుందన్నది ఆయన వాదన. గాలితో బరువు రాదు కదా.

రక్తం నిండటానికి పొడవునా రెండు గొట్టాలున్నాయి, పక్కపక్కనే అతుక్కుని, డబుల్ బ్యారెల్ తుపాకీ లాగ. వాటి కింద మధ్యలో సన్నటి మూడోది. మూత్రం, వీర్యం వచ్చే నాళం దానిలోంచి పోతుంది. అంగం చివరి భాగం కూడా ఈ మూడోది ఉబ్బి ఏర్పడినదే. గట్టిదనం పనంతా పైనున్న రెండింటిదే. బయటికి కనబడేది వాటిలో కొంత మేరకే. మిగతాది ఒంటి లోపలికి పోయి, రెండుగా చీలి, కటి ఎముకకు అటొకటీ ఇటొకటీ గట్టిగా అంటుకుని ఉంటుంది. పునాది అక్కడుంది కాబట్టే పైన నిలబడగలుగుతుంది.

ఆ గొట్టాల లోపల బోలుగా ఉండదు. స్నానాల స్పాంజి కోసి చూస్తే ఎలా ఉంటుందో అలాగే చిన్నచిన్న గదులు, ఒకదాన్లోంచి ఒకదాన్లోకి దారులు. గదుల గోడల్లో ఒక రకం కండరం అల్లుకుని ఉంటుంది. స్కూల్లో అనియంత్రిత కండరం అని చదువుకున్నది ఇదే, పేగుల్లోనూ రక్తనాళాల గోడల్లోనూ ఉండేది. మనం చెబితే వినదు. ఒక్కో గొట్టం నడుమ నుంచి ఒక ధమని పోతుంది, దాన్నుంచి మెలికలు తిరిగిన చిన్న కొమ్మలు గదుల్లోకి తెరుచుకుంటాయి. మొత్తం స్పాంజి మీద తోలు సంచి లాంటి ఒక గట్టి పొర తొడిగి ఉంటుంది. మామూలప్పుడు దాని మందం 2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఇదొక్కటి గుర్తుంచుకోండి, కథలో కీలకం ఇదే.

ఇప్పుడు మామూలు స్థితి, అంటే మెత్తగా ఉన్నప్పటి సంగతి. మనం దాన్ని విశ్రాంతి అనుకుంటాం. కానీ ఆ స్థితిలో స్పాంజి గోడల్లోని కండరం ముడుచుకుని, గదులన్నిటినీ నొక్కిపెట్టి ఉంచుతుంది. మెలికల ధమనులు కూడా ముడుచుకునే ఉంటాయి. కణాలకు తిండి అందేటంత రక్తం మాత్రం వచ్చి, సిరల గుండా ఎప్పటికప్పుడు బయటికి పోతుంటుంది. ఈ ముడుపుని కాపాడేది సింపథెటిక్ అనే నాడీ విభాగం. మనల్ని ప్రమాదానికీ పరుగుకూ సిద్ధం చేసే విభాగం ఇది. నారడ్రినలిన్ అనే రసాయనాన్ని కొద్దికొద్దిగా వదులుతూ, రోజంతా ఆ కండరాన్ని పట్టి ఉంచుతుంది. చన్నీళ్ల స్నానం చేసినప్పుడు ఇంకా ముడుచుకుపోయేది ఈ పట్టు మరింత బిగిసినందుకే. అంటే మగవాడి అంగం రోజులో ఎక్కువ భాగం మెత్తగా ఉండటం కోసం పని చేస్తూనే ఉంటుంది.

దీనికి అందరూ చూసేలా రుజువు చూపించినాయన ఒకాయన ఉన్నాడు. జైల్స్ బ్రిండ్లీ, బ్రిటన్‌కు చెందిన శరీరధర్మ శాస్త్రవేత్త. 1983లో అమెరికాలో, లాస్ వేగస్‌లో మూత్రవ్యాధి నిపుణుల మహాసభ జరిగింది. ఆయన ట్రాక్ సూట్‌లో వేదికెక్కాడు. రక్తనాళాల కండరాన్ని వదులు చేసే మందుని అంగంలోకి సూదితో ఎక్కిస్తే స్తంభన వస్తుందని స్లైడ్లు వేసి చెప్పాడు. స్లైడ్లలో ఉన్నది తన అంగమే. ఉపన్యాసం ఇవ్వడం ఏ మామూలు మనిషికీ కామోద్రేకం కలిగించే పని కాదనీ, అయినా హోటల్ గదిలో సూది చేసుకుని వచ్చాననీ చెప్పి, అంతమంది ముందూ ప్యాంటు కిందికి లాగి చూపించాడు. అంతటితో ఆగక, కృత్రిమ పరికరం కాదని పరీక్షించుకోమంటూ వేదిక దిగి ముందు వరుసల వైపు నడిచాడు. కొందరు కేకలు పెట్టారట. సభామర్యాద సంగతి అటుంచితే, అక్కడ తేలిన విషయం చాలా పెద్దది. అందమైన ఆలోచన లేదు, స్పర్శ లేదు, కోరిక లేదు. కండరం వదులైంది, అంతే. మిగతాదంతా దానంతటదే జరిగిపోయింది.

మరి సూది లేకుండా, మామూలుగా ఆ కండరాన్ని వదులు చేసేదెవరు? రెండు దారులున్నాయి.

ఒకటి పై నుంచి వచ్చేది. ఒక చూపు, ఒక గొంతు, ఒక వాసన, పాత జ్ఞాపకం, ఏదైనా కావచ్చు. మెదడు అడుగున హైపోథాలమస్ అని బఠాణీ కంటే కొంచెం పెద్ద భాగం ఉంటుంది. ఆకలి, దప్పిక, ఒంటి వేడి చూసుకునేది కూడా అదే. ఇంద్రియాల నుంచి వచ్చిన కబురు అక్కడ పోగవుతుంది. డోపమిన్, ఆక్సిటోసిన్ లాంటి రసాయనాల సాయంతో అక్కణ్నుంచి సంకేతం వెన్నుపాము వెంట కిందికి దిగుతుంది. రెండోది కింది నుంచే వచ్చేది. తాకినప్పుడు చర్మంలోని నరాలు ఆ కబురుని వెన్నుపాము అడుగు కొసకు చేరుస్తాయి, అక్కణ్నుంచే జవాబు తిరిగి వస్తుంది. వేడి పెనం తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నట్టు, ఇది మెదడుని అడగకుండా జరిగే పని. పడుచు వయసులో, బస్సు కుదుపులకి ఏ ఆలోచనా లేకుండానే స్తంభన వచ్చి ఇబ్బంది పెట్టేది ఈ దారినే.

ఈ రెండు దారులూ వేరువేరని వెన్నుముకకు దెబ్బ తగిలినవాళ్లను చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. మెడ దగ్గరో వీపు దగ్గరో వెన్నుపాము తెగిపోయి, నడుం కింద స్పర్శే తెలియని మనిషికి కూడా తాకితే స్తంభన రావచ్చు. కింది దారి చెక్కుచెదరలేదు కాబట్టి. అతనికి అది తెలియదు, చూస్తేనే తెలుస్తుంది. మామూలు మనిషిలో రెండూ కలిసి, ఒకదానికొకటి తోడుగా పనిచేస్తాయి.

ఏ దారిన వచ్చినా చివరికి అది వెన్నుపాము అడుగు కొస నుంచి బయల్దేరే పారాసింపథెటిక్ నరాల మీదుగానే అంగానికి ఎక్కువగా చేరుతుంది. ఇది సింపథెటిక్‌కి ఎదురు పార్టీ. తిన్నది అరిగించడం, గుండె వేగం తగ్గించడం, ఒంటిని కుదుట పరచడం దీని పనులు. ఈ నరాలు వెంట్రుకల్లాగ సన్నగా, ప్రోస్టేట్ గ్రంథికి రెండు పక్కలా రాసుకుంటూ పోతాయి. ఒకప్పుడు ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవాళ్లు దాదాపు అందరూ స్తంభన శక్తి పోగొట్టుకునేవారు. నరాలు కచ్చితంగా ఎక్కడున్నాయో తెలియక, గ్రంథితో పాటు వాటినీ కోసేసేవారు. వాటి దారి గుర్తుపట్టి, 1982లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో ప్యాట్రిక్ వాల్ష్ అనే సర్జన్ వాటిని తప్పించి ఆపరేషన్ చేశాకే పరిస్థితి మారింది.

నరం కొస స్పాంజిలోకి చేరింది. అక్కడ అది వదిలేది ఒక వాయువు, నైట్రిక్ ఆక్సైడ్. మోటారు వాహనాల పొగలో ఉండే వాయువే. మన ఒంట్లో ఇది కొన్ని సెకన్ల పాటే బతుకుతుంది, కానీ ఆ కాస్త వ్యవధిలోనే కండర కణం లోపలికి జొరబడి ఒక ఎంజైమును తట్టి లేపుతుంది. ఆ ఎంజైము సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని తయారు చేస్తుంది. అది పోగవుతున్నకొద్దీ కణం లోపల కాల్షియం తగ్గుతుంది. కండరం ముడుచుకుని ఉండాలంటే కాల్షియం కావాలి. అది తగ్గగానే పట్టు సడలుతుంది. ధమనులు విప్పారుతాయి, స్పాంజి గదులు తెరుచుకుంటాయి, రక్తం లోపలికి ఉరుకుతుంది. ఇంకో ముచ్చట కూడా ఇక్కడే ఉంది. అలా ఉరికే రక్తం నాళాల లోపలి పొరను రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి ఆ పొర కూడా తన వంతు నైట్రిక్ ఆక్సైడ్ విడుదల చేస్తుంది. నరం మొదలుపెట్టిన పనిని రక్తనాళం కొనసాగిస్తుంది. నాళం లోపలి పొర ఆరోగ్యంగా ఉండటం ఎందుకంత ముఖ్యమో చివర్లో తెలుస్తుంది.

రక్తనాళాలకు నైట్రిక్ ఆక్సైడ్ కబుర్లు మోస్తుందని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది మార్చిలో అమెరికాలో వయాగ్రాకు అనుమతి వచ్చింది. గుండెనొప్పి కోసం ప్రయత్నించిన ఆ మందు గుండెకు పెద్దగా ఉపయోగపడలేదు గానీ, పరీక్షల్లో పాల్గొన్న మగవాళ్లు వేరే ఫలితం గమనించారు. అది చేసేది ఇంతే: ఇందాక చెప్పిన సైక్లిక్ జీఎంపీని ఎప్పటికప్పుడు ఊడ్చేసే ఎంజైమొకటి అంగంలో ఉంటుంది, పీడీఈ-5 దాని పేరు. మాత్ర ఆ ఊడ్చేవాడి చేతులు కట్టేస్తుంది. అందుకే, కోరికా స్పర్శా లేకుండా మాత్ర మింగి టీవీ చూస్తూ కూర్చుంటే ఏమీ కాదు. నరం నైట్రిక్ ఆక్సైడ్ వదిలితేనే సైక్లిక్ జీఎంపీ పుడుతుంది, పుట్టినదాన్ని నిలపడమే మాత్ర పని. బ్రిండ్లీ సూదికీ దీనికీ తేడా అక్కడే. సూది మందు నేరుగా కండరాన్నే వదులు చేస్తుంది, అనుమతి అడగదు.

రక్తం వచ్చింది, బాగానే ఉంది. కానీ వచ్చిన దారినే వచ్చి, వెళ్లే దారిన వెళ్లిపోతే గట్టిదనం ఎలా వస్తుంది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే నచ్చే భాగం ఇదే. రక్తం బయటికి పోవడానికి ఉన్న సన్నటి సిరలు స్పాంజికీ పైనున్న తోలు సంచికీ మధ్యన పరుచుకుని ఉంటాయి. సైకిలు ట్యూబుకీ టైరుకీ మధ్య ఒక మెత్తటి సన్న గొట్టం ఇరుక్కుందనుకోండి. గాలి కొట్టకముందు ఆ గొట్టం తెరుచుకునే ఉంటుంది. గాలి నిండి ట్యూబు ఉబ్బేసరికి అది టైరుకి ఒత్తుకుని అణిగిపోతుంది. ఇక్కడా అంతే. స్పాంజి ఉబ్బుతుంది, పై పొర కొంతమేరకే సాగుతుంది, మధ్యలో సిరలు నలిగి మూసుకుపోతాయి. మూయడానికి వేరే మీట లేదు, వేరే సంకేతం లేదు. వచ్చే రక్తమే పోయే దారిని మూసేస్తుంది. సాగిన ఆ పొర అప్పుడు అర మిల్లీమీటరు కంటే పల్చబడుతుంది.

మొత్తం మీద అదనంగా చేరే రక్తం ఓ టీ గ్లాసు పరిమాణంలో ఉంటుందంతే. తలలో రక్తమంతా కిందికి పోతుందన్నది జోకు మాత్రమే. అయినా ఒత్తిడి గట్టిది. మన బీపీ పైఅంకె 120 అనుకుంటే, నిండు స్తంభనలో లోపలి ఒత్తిడి 100 దాకా పోతుంది. అంటే గుండె తోసే శక్తి దాదాపు అంతా అక్కడ నిలిచినట్టే. సంభోగంలో ఇంకో మెట్టుంది. ఎముకను అంటుకుని ఉన్న పునాది భాగాన్ని చుట్టి కొన్ని కండరాలుంటాయి, ఇవి మన మాట వినే రకం. అవి బిగిసి నొక్కినప్పుడు, ముందే తలుపులు మూసి ఉన్నందున, ఒత్తిడి బీపీని దాటి కొన్ని వందలకు ఎగబాకుతుంది. గోడ రాతల్లో చెప్పే బిగువు ఏదైనా ఉంటే అది ఈ చివరి మెట్టు దగ్గరే, అదీ క్షణాల పాటు. అంత పల్చబడి బిగిసిన పొర అప్పుడు పొరపాటున బలంగా వంగితే చిరగడం కూడా జరుగుతుంది. టప్ మన్న శబ్దం, వెంటనే మెత్తబడటం, వాపు, కమిలిన రంగు కనిపిస్తే అది సిగ్గుపడి పొద్దున్న దాకా ఆగే విషయం కాదు. ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లి కుట్లు వేయించుకోవాల్సిన గాయం.

దిగడం దీనికి తిరుగుప్రయాణం. స్ఖలనం సింపథెటిక్ చేసే పని, దానితో నారడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. పీడీఈ-5 మిగిలిన సైక్లిక్ జీఎంపీని ఊడ్చేస్తుంది. కండరం మళ్లీ ముడుచుకుని గదుల్లోంచి రక్తాన్ని పిండుతుంది. స్పాంజి తగ్గగానే నలిగిన సిరలు తెరుచుకుంటాయి, మిగతా రక్తం జారిపోతుంది. ఎప్పుడైనా ఇలా దిగకుండా, కోరికతో సంబంధం లేకుండా స్తంభన నాలుగు గంటలు దాటి నిలిచిపోయిందంటే, నవ్వుకోవడానికేం లేదు. లోపల చిక్కుకున్న రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది, కండరం చచ్చుబడటం మొదలవుతుంది. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లలో, ఇలాంటి సూదులు ఎక్కువ మోతాదులో వాడినవాళ్లలో ఇది కనిపిస్తుంది. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్తేనే రక్తం తీసి కాపాడగలుగుతారు.

ఇప్పుడు మన కొత్త పెళ్లికొడుకు దగ్గరికి వద్దాం.

శోభనం రాత్రి అతని మెదడు నుంచి రెండు కబుర్లు ఒకేసారి కిందికి దిగుతున్నాయి. ఒకటి ఇష్టం. దానివల్లే మొదట్లో కాస్త గట్టిపడింది. రెండోది భయం: అవతల వింటున్నారు, పొద్దున్నే మొహాలు చూస్తారు, ఈ రాత్రే కావాలి, కాకపోతే ఆమె ఏమనుకుంటుంది. శరీరానికి అత్తల నవ్వుకీ పులి గాండ్రింపుకీ పెద్ద తేడా తెలియదు. సింపథెటిక్ లేచి నిలబడింది, గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి, నారడ్రినలిన్ పెరిగింది. సగం తెరుచుకున్న గదుల గోడలు మళ్లీ ముడుచుకున్నాయి. స్పాంజి పూర్తిగా ఉబ్బలేదు కాబట్టి సిరలు మూతపడలేదు, వచ్చినదంతా వచ్చినట్టే పోయింది. ఇంకోపక్క అతను తనను తానే గమనించుకోవడం మొదలుపెట్టాడు: లేచిందా, ఉందా, తగ్గుతోందా? ఆ గమనింపే మరింత కంగారు. ఎంత గట్టిగా ప్రయత్నిస్తే అంతగా కండరం బిగుసుకుంటుంది. అతనేమో ప్రయత్నమంటే బిగించడమనుకుంటున్నాడు, అక్కడ కావాల్సిందేమో సడలడం. రెండో రాత్రికి నిన్నటి ఓటమి జ్ఞాపకం కూడా తోడైంది.

మరి తెల్లవారుజామున? నిద్రలో కళ్లు రెప్పల కింద అటూఇటూ కదిలే దశ ఒకటుంది, కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. రాత్రికి నాలుగైదుసార్లు వచ్చిపోతుంది. ఆ దశలో మెదడు కాండంలోని నారడ్రినలిన్ కణాలు మౌనం వహిస్తాయి. పట్టి ఉంచేవాళ్లు నిద్రపోయారు కాబట్టి పట్టు సడలుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు, ఒక్కోసారి అరగంట వరకూ స్తంభన వచ్చిపోతుంది. అతనికి తెలియదు. కల శృంగారపు కలే కానక్కర్లేదు, లెక్కల పరీక్ష తప్పినట్టు వచ్చినా చాలు. ఆఖరి విడత తెల్లవారుజామున పడుతుంది, దాని మధ్యలో మెలకువ వస్తే మనకు కనిపిస్తుంది. మూత్రం నిండి అలా అవుతుందని అందరూ అనుకునేది పూర్తిగా సరైన వివరణ కాదు. మెత్తగా ఉన్నంతసేపూ అంగంలో ఉండేది ఎక్కువగా సిరల్లోలాంటి, ఆక్సిజన్ తక్కువున్న రక్తం. రాత్రి విడతల్లో తాజా ధమని రక్తం స్పాంజికి అందుతుంది.

కాబట్టి ఐదింటికి కనిపించింది అతనికి దొరికిన ఉచిత పరీక్ష ఫలితం. నరం ఉంది, నైట్రిక్ ఆక్సైడ్ ఉంది, ధమని తెరుచుకుంటోంది, సిర మూసుకుంటోంది. యంత్రం మొత్తం బాగుంది. 1980లో అమెరికా డాక్టర్లు దీన్నే మరీ చవకగా పరీక్షించారు. పోస్టల్ స్టాంపుల వరసను అంగం చుట్టూ అంటించి పడుకోమనేవారు, పొద్దున్నే చిల్లుల దగ్గర చినిగి ఉంటే రాత్రి స్తంభన వచ్చినట్టే. ఇలాంటి కుర్రవాడికి పెద్ద మందేమీ అవసరం ఉండదు. సొంత గది, గడువు లేని కొన్ని వారాలు, ఈ రాత్రే కావాలన్న పట్టింపు లేకుండా ఇద్దరూ దగ్గరగా ఉండటం సరిపోతాయి చాలామందికి. సరిపోకపోతే డాక్టరు కొన్నాళ్లు మాత్ర రాస్తారు, నమ్మకం కుదిరాక అది ఆగిపోతుంది.

ఇప్పుడు దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకొకాయన్ని నిలబెట్టండి. నలభై ఎనిమిదేళ్లు, చిన్న పట్నంలో హార్డ్‌వేర్ కొట్టు, రోజుకో పెట్టె సిగరెట్లు. ఇల్లు ప్రశాంతం, పిల్లలు హాస్టళ్లలో, కంగారుపెట్టే అత్తలెవరూ లేరు. రెండేళ్లుగా మెల్లమెల్లగా గట్టిదనం తగ్గుతూ వచ్చింది. భార్యతోనే కాదు, ఎప్పుడైనా అంతే. తెల్లవారుజామున ఉండేది ఎప్పుడు ఆగిపోయిందో ఆయనకే గుర్తులేదు. ఈ చివరి వాక్యం దగ్గర డాక్టరు కలం పక్కన పెట్టి తలెత్తుతాడు.

ఇక్కడ కంగారు కాదు సమస్య, గొట్టాలు. నాళాల లోపలి పొర కూడా నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుందన్నాం కదా. ఏళ్ల తరబడి రక్తంలో తేలుతున్న చక్కెర, సిగరెట్ పొగ, కొవ్వు, హెచ్చు బీపీ మొదట దెబ్బతీసేది ఆ పొరనే. చక్కెర నరాల కొసల్నీ తింటుంది. నైట్రిక్ ఆక్సైడ్ చాలదు, ధమని పూర్తిగా విప్పారదు, స్పాంజి సగమే ఉబ్బుతుంది, సిరలు మూతపడవు. అంగంలోని ధమని ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. గుండెకు రక్తం ఇచ్చే ధమనులు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. ఒకే జబ్బు ఒంటినిండా పాకుతున్నప్పుడు ముందు ఇబ్బంది పడేది సన్నగొట్టమే. ఛాతీలో నొప్పి రావడానికి కొన్నేళ్ల ముందే పడగ్గదిలో సంగతి తెలిసిపోవడం అందుకే.

తేల్చుకోవాలంటే సూది ఎక్కించి డాప్లర్ స్కాన్ చేస్తారు. స్తంభన వచ్చేటప్పుడు ధమనిలో రక్తం వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు దాటితే మామూలే, 25 కూడా అందుకోకపోతే ధమనిలో అడ్డు ఉందనుకోవాలి. చాలామందికి అంతదూరం వెళ్లక్కర్లేదు. పరగడుపున షుగరు, బీపీ, కొవ్వులు, పొద్దుటిపూట తీసిన టెస్టోస్టిరాన్, ఇవి చాలు.

ఆయన కోరుకున్నది మాత్రం మాత్ర. ఫ్రెండు ఒకడు వాడుతున్నాడట, పేరు చీటీ మీద రాసి తెచ్చాడు.

"ఇదొక్కటి రాసివ్వండి డాక్టరు గారూ, మిగతావి తర్వాత చూద్దాం."

డాక్టరు ఆ చీటీ తీసుకున్నాడు. "రాస్తాను. ముందొకటి చెప్పండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలేమైనా వాడుతున్నారా? రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం మీదికొస్తుంది."

"నాకెందుకండీ అవి? నాకు గుండెకేం కాలేదు."

"కాకపోవచ్చు. మీ కొట్టు పైఅంతస్తులోనే కదా గోడౌను? ఈమధ్య ఆ మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగుతున్నారా?"

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు.